“పోయి...” తర్వాతి నిశ్శబ్దం: తెలుగు డాక్యుమెంటరీకి ఇంగ్లీష్ సబ్‌టైటిల్ రాయడం

ఒక డాక్యుమెంటరీలో ఒక పెద్దావిడ కెమెరా ముందు కూర్చుని, చాలా ఏళ్ల కిందట చెరువు తెగిన రాత్రి సంగతి చెబుతోంది అనుకుందాం. ఆమె మాట ఇలా ఉంది:

“ఆ రాత్రి మరి మా ఆయన ఏం చేసిండంటే, చెరువుకట్ట తెగిందని ఊరంతా మొత్తుకుంటుంటే, గొడ్లను విడుద్దామని కొట్టంలకు పోయి... ఇగ మళ్ల రాలే.”

ఒకటే వాక్యం. తెలుగు తెలిసినవాళ్లకు ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. కానీ దీనికి ఇంగ్లీష్ సబ్‌టైటిల్ రాయడానికి కూర్చుంటే, డాక్యుమెంటరీ సబ్‌టైటిలింగ్‌లో వచ్చే ముఖ్యమైన చిక్కులన్నీ ఈ ఒక్క వాక్యంలోనే ఎదురవుతాయి. అందుకే ఈ వ్యాసం చాలావరకు ఈ వాక్యం చుట్టూనే తిరుగుతుంది.

ముందు కొలతలు చూద్దాం. ఇంగ్లీష్ సబ్‌టైటిల్ ఒకసారి తెర మీదికి వస్తే రెండు లైన్లకు మించకూడదు. ఒక్కో లైన్‌లో 42 అక్షరాల దాకా పట్టవచ్చు. ఖాళీలు, కామాలు, చుక్కలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఒక సబ్‌టైటిల్ తెర మీద ఏడు సెకన్లకు మించి ఉండకూడదు, కనీసం సెకనులో ఆరింట ఐదు వంతులైనా ఉండాలి. నెట్‌ఫ్లిక్స్ లాంటి సంస్థల మార్గదర్శకాల్లో కనిపించే కొలతలు ఇవే. వీటన్నిటికన్నా ముఖ్యమైనది చదివే వేగం. చూసేవాళ్లు సెకనుకు ఎన్ని అక్షరాలు చదవగలరన్నదే దాని లెక్క. పెద్దలకు ఉద్దేశించిన ఇంగ్లీష్ సబ్‌టైటిళ్లలో అది సెకనుకు 17 నుంచి 20 అక్షరాల మధ్య ఉంటుంది. మనిషి ముఖం చూడాల్సిన ఇంటర్వ్యూకి 17 పెట్టుకోవడమే మంచిది. 20 దగ్గర కన్ను ఎక్కువసేపు తెర అడుగునే ఉండిపోతుంది, పైనున్న ముఖాన్ని చూడటానికి తీరిక తగ్గుతుంది.

ఇప్పుడు పెద్దావిడ మాటకు టైమ్ కొలుద్దాం. ఆమె సినిమాలో 4 నిమిషాల 12వ సెకను దగ్గర మొదలుపెట్టింది. “కొట్టంలకు పోయి” అనే దాకా 6.6 సెకన్లు పట్టింది. అక్కడ ఆగింది. దాదాపు రెండు సెకన్లు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “ఇగ మళ్ల రాలే” అంది, దానికి ఒక సెకను పైచిలుకు పట్టింది.

ఆ మాటను ఏమీ వదలకుండా ఇంగ్లీష్‌లో పెడితే ఇలా వస్తుంది:

```
That night, what my husband did was,
when the whole village was screaming
that the tank bund had broken, he went
into the cattle shed to untie the cattle
and he never came back.
```

మొత్తం 177 అక్షరాలు. ఆమె మాట్లాడిన సమయం, ఆగిన సమయం కలిపి 9.6 సెకన్లు. భాగిస్తే సెకనుకు 18కి కాస్త పైన వస్తుంది. పెద్ద తప్పేమీ లేదే అనిపిస్తుంది. కొత్తగా ఈ పని చేసేవాళ్లు సరిగ్గా ఇక్కడే మోసపోతారు. ఈ సగటులో ఆ రెండు సెకన్ల నిశ్శబ్దం కూడా కలిసిపోయింది. నిశ్శబ్దంలోనూ తెర మీద అక్షరాలు ఉంటేనే ఈ లెక్క కుదురుతుంది. నిశ్శబ్దాన్ని నిశ్శబ్దంగానే వదిలేయాలంటే “పోయి” దాకా ఉన్న 153 అక్షరాలు 6.6 సెకన్లలో చదివించాలి. అంటే సెకనుకు 23 అక్షరాలు దాటిపోయింది. అది చాలామందికి అందదు.

సెకనుకు 17 చొప్పున ఆ 6.6 సెకన్లలో మనకు దొరికేది 112 అక్షరాలు. దాదాపు 40 అక్షరాలు తీసేయాలి. ఏవి తీయాలన్నదే ప్రశ్న.

తెలుగు మాట ఇంగ్లీష్‌లోకి వచ్చేసరికి ఎందుకు పొడవవుతుందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. తెలుగు క్రియ తన లోపలే చాలా మోస్తుంది. “రాలేకపోయిండంట” అనడానికి ఒక సెకను చాలు. అందులో ఎవరు, ఏ పని, చేతకాకపోవడం, జరిగిపోయిన కాలం, ఎవరో చెబితే విన్నానన్న సంగతి, అన్నీ ఒకే మాటలో ఉన్నాయి. ఇంగ్లీష్‌లో వాటికి ఐదు మాటలు, 26 అక్షరాలు కావాలి. చదవడానికి ఒకటిన్నర సెకను పడుతుంది. కాబట్టి కుదించడమనేది తెలుగు నుంచి ఇంగ్లీష్‌కి వెళ్లేటప్పుడు తప్పనిసరి పని. అనువాదకుడి బద్ధకంగా దాన్ని చూడటం అన్యాయం.

పెద్దావిడ మాటలో ముందుగా పోయేవి తేలిగ్గానే కనిపిస్తాయి. “మరి”, “ఏం చేసిండంటే” లాంటివి మాట్లాడే మనిషి తనకు తాను ఊపిరి తీసుకోవడానికి వాడుకునేవి. వాటి పని గొంతులోనే జరిగిపోతుంది. ఇంగ్లీష్ మాత్రమే తెలిసిన ప్రేక్షకుడికి కూడా ఆ తడబాటు చెవికి వినబడుతూనే ఉంటుంది, అక్షరాల్లో మళ్లీ చూపించాల్సిన పని లేదు. ఆ తర్వాత “తెగిందని మొత్తుకుంటుంటే” అనే కట్టు. తెలుగులో “అని” ఒక మాటలోకి ఇంకో మాటను సులువుగా ఇముడుస్తుంది. ఇంగ్లీష్‌లో అదే ఇమిడింపు చదివేవాడిని ఆపుతుంది. దాన్ని విప్పి రెండు చిన్న వాక్యాలు చేస్తే అక్షరాలు తగ్గుతాయి, చదవడం తేలికవుతుంది. కట్ట తెగింది. ఊరంతా అరుస్తోంది. ఈ రెండూ పక్కపక్కన ఉంటే ఎందుకు అరుస్తున్నారో ఎవరికైనా అర్థమవుతుంది.

చెరువు అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. మన దేశపు ఇంగ్లీష్‌లో దాన్ని ట్యాంక్ అంటారు, ప్రభుత్వ కాగితాల్లోనూ అదే మాట. కానీ బయటి ప్రేక్షకుడికి ట్యాంక్ అంటే మిద్దె మీది నీళ్ల డబ్బానో, యుద్ధంలో వాడేదో గుర్తొస్తుంది. పక్కనే వచ్చే బండ్ అనే మాట ఎలాగూ కొత్తదే. రెండూ తెలియనివైతే ఆ సబ్‌టైటిల్ పోయినట్టే. లేక్ అంటే ఇంగ్లీష్‌లో అంతే అక్షరాలు, నాలుగే. చెరువు మనుషులు తవ్వుకున్నది, లేక్ అన్న మాటలో ఆ సంగతి రాదు. అయినా ఈ రెండు సెకన్లలో ప్రేక్షకుడికి కావలసింది నీళ్లు, కట్ట, తెగడం. ఆ మూడూ అందితే చాలు. అంతకుముందే సినిమాలో చెరువును, దాని కట్టను చూపించి ఉంటే, అక్కడ ట్యాంక్ అనే మాటను ఒకసారి అలవాటు చేసి ఉంటే, ఇక్కడ అదే వాడవచ్చు. సినిమా మొత్తానికి ఒకటే మాట ఉండాలి, ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి పెడితే రెండు వేర్వేరు చోట్లని అనుకుంటారు.

“కొట్టం” తీసేయవచ్చా? భర్త గొడ్లను విప్పడానికి వెళ్లాడంటే చాలదా? మాటవరకు చూస్తే చాలు, పైగా పది పైచిలుకు అక్షరాలు మిగులుతాయి. కానీ ఈ డాక్యుమెంటరీలో ఎడిటర్ ఆ నిశ్శబ్దం మొదలైన కాసేపటికే కూలిన గోడ ఒకటి చూపిస్తాడు. “ఇగ మళ్ల రాలే” అన్న మాట ఆ గోడ మీదే వినిపిస్తుంది. కొట్టం అన్న మాట లేకపోతే ఆ గోడ ఏమిటో తెలియదు. కాబట్టి అది ఉండాల్సిందే. ఏది ముఖ్యమన్నది వాక్యాన్ని చూసి మాత్రమే తేల్చలేం, ఆ వాక్యం మీద ఏ బొమ్మ నడుస్తుందో చూసి తేల్చాలి. స్క్రిప్ట్ కాగితం మీద అనువాదం చేసి తర్వాత టైమ్ కోడ్‌లు అతికించే పద్ధతి డాక్యుమెంటరీకి పనికిరాకపోవడానికి ఇదే అసలు కారణం.

ఇక క్రమం సంగతి. తెలుగులో క్రియ చివర వస్తుంది, ఈ సంగతి అందరికీ తెలుసు. సబ్‌టైటిల్‌లో దాని వల్ల జరిగేది మాత్రం చాలామంది గమనించరు. ఇంగ్లీష్ వాక్యం మొత్తాన్ని ఒకే సబ్‌టైటిల్‌లో పెడితే, పెద్దావిడ ఇంకా ఊరి అరుపుల గురించి చెబుతుండగానే ప్రేక్షకుడు “తిరిగి రాలేదు” అన్న మాట చదివేస్తాడు. తర్వాత ఆమె ఆగినప్పుడు ఆ ఆగడానికి అర్థం ఉండదు. ఆమె కన్నా ముందే ఆమె దుఃఖం తెర మీద పడిపోయింది. ఇది చదివే వేగపు లెక్కలో కనబడని తప్పు.

దీనికి మందు వాక్యాన్ని ఆమె శ్వాస ఎక్కడ తెగిందో అక్కడ తెంచడమే. మాట తెగిన మూడు చోట్ల మూడు సబ్‌టైటిళ్లు:

```
1
00:04:12,000 --> 00:04:15,920
The lake bund broke that night.
The whole village was shouting.

2
00:04:16,000 --> 00:04:18,800
My husband went to the shed
to untie the cattle…

3
00:04:20,400 --> 00:04:22,400
and never came back.
```

మొదటిది 62 అక్షరాలు, సెకనుకు 16 లోపే. రెండోది 47, సెకనుకు 17 లోపే. మూడోది 20 అక్షరాలు, రెండు సెకన్లు. అంటే ప్రేక్షకుడు దాన్ని సగానికి కాస్త పైన సమయంలోనే చదివేసి, మిగతా సమయం గోడను చూస్తాడు. మొదటి రెండు సబ్‌టైటిళ్లు కలిపి 109 అక్షరాలు. మనకు దొరికింది 112.

తెలుగులో “మా ఆయన” ముందే వచ్చింది, ఇంగ్లీష్‌లో రెండో సబ్‌టైటిల్‌లో వచ్చింది. ఇది చేసుకున్న ఒప్పందం. పేరు చెప్పి ఉంటే ఇలా చేయకూడదు. మనిషి పేరు, ఊరి పేరు లాంటివి ఏ భాషవారికైనా చెవికి పట్టుబడతాయి. విన్న క్షణంలో తెర మీద లేకపోతే అనువాదం మీద అనుమానం మొదలవుతుంది. “మా ఆయన” అన్న మాట తెలుగు రానివాళ్ల చెవికి దొరకదు కాబట్టి దాన్ని నాలుగు సెకన్లు జరపవచ్చు.

రెండో సబ్‌టైటిల్ చివర మొదట ఫుల్‌స్టాప్ పెట్టి, మూడోదాన్ని కొత్త వాక్యంగా రాయాలనిపిస్తుంది. అది తప్పు కాదు. కానీ “పోయి” అన్నది తెలుగులో పూర్తికాని క్రియ. ఆ మాట విన్న తెలుగువాడికి వాక్యం ఇంకా అయిపోలేదని ఆ రెండు సెకన్లూ తెలుసు, ఎదురుచూస్తుంటాడు. ఫుల్‌స్టాప్ పెడితే ఇంగ్లీష్ ప్రేక్షకుడికి ఆ ఎదురుచూపు ఉండదు, ఆయన గొడ్లను విప్పడానికి వెళ్లాడు, అంతే అనుకుంటాడు. మూడు చుక్కలు పెట్టి, తర్వాతి సబ్‌టైటిల్‌ను చిన్న అక్షరంతో మొదలుపెడితే “పోయి” చేసే పనే ఇంగ్లీష్‌లోనూ జరుగుతుంది. ఆ మూడు చుక్కలను ఒకే గుర్తుగా టైప్ చేస్తే లెక్కలో ఒక్క అక్షరమే. ఫైల్‌ను UTF-8 గా సేవ్ చేయకపోతే మాత్రం ఆ గుర్తు స్థానంలో పిచ్చి అక్షరాలు రావచ్చు. మూడు చుక్కలను ఇలాంటి చోటే వాడాలి. ప్రతి సబ్‌టైటిల్ చివరా పెడితే ఎక్కడా విలువ ఉండదు.

“ఇగ మళ్ల” రెండు మాటలకు నెవర్ అనే ఒక్క మాట సరిపోయింది. ఇంగ్లీష్ మనకు కలిసొచ్చే చోట్లు కూడా ఉంటాయి.

లైన్ ఎక్కడ విరవాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. రెండో సబ్‌టైటిల్‌ను ఇలా విరిచారనుకోండి:

```
My husband went to the
shed to untie the cattle…
```

లైన్ పొడవు నియమం ఎక్కడా తప్పలేదు. కానీ మొదటి లైన్ చివర కన్ను ఖాళీలోకి అడుగేసినట్టుంటుంది. ఎక్కడికి అన్నది మొదటి లైన్‌లో, ఎందుకు అన్నది రెండో లైన్‌లో ఉంటే ఒక్కో లైన్ ఒక్కో చూపుకు అందుతుంది. మాటల జంటలను విడదీయకుండా, మాట సహజంగా మలుపు తిరిగే చోట లైన్ విరవాలి. ఇంతకుమించి దీనికి నియమం అక్కర్లేదు.

షాట్ మారే చోట్లు కూడా ఈ టైమింగ్‌లోనే కలిసి ఉన్నాయి. రెండో సబ్‌టైటిల్ 18.80 దగ్గర ఆగడం ఊరికే కాదు. గోడ షాట్ 18.88 దగ్గర మొదలవుతుంది. సెకనుకు 25 ఫ్రేములు నడిచే వీడియోలో ఆ తేడా రెండు ఫ్రేములు. సబ్‌టైటిల్ కట్ దాటి అవతల పది ఫ్రేములు నిలిచిపోతే, బొమ్మ మారింది కాబట్టి మాట కూడా మారిందేమోనని కన్ను మళ్లీ మొదటినుంచి చదువుతుంది. అందుకే కట్‌కు రెండు ఫ్రేముల ముందే ఆపాలి, లేదా మాట నిజంగా కట్ దాటి సాగుతుంటే అవతల కనీసం అర సెకనైనా ఉంచాలి. మధ్యలో వేలాడటమే చెడ్డది. ఎడిటింగ్ పూర్తిగా ముగిశాకే సబ్‌టైటిల్ టైమింగ్ మొదలుపెట్టాలని అనుభవమున్నవాళ్లు పట్టుబట్టేది అందుకే. తర్వాత ఎడిటర్ ఒక షాట్‌ను అర సెకను జరిపినా ఇంత కష్టపడి కుదిర్చిన చోట్లన్నీ చెదిరిపోతాయి.

ఇప్పుడు డాక్యుమెంటరీకి మాత్రమే ఉన్న ఒక బాధ్యత. పెద్దావిడ తర్వాత ఇంకో మాట అంటుంది: “గోడ మీద పడ్డదంట.” దీనికి రెండు అనువాదాలు:

```
The wall fell on him.
They say the wall fell on him.
```

మొదటిది 21 అక్షరాలు, ఒకటింబావు సెకను చాలు. రెండోది 30, ఒకటిముప్పావు సెకను కావాలి. ఆమె ఆ మాట అన్నది 1.3 సెకన్లలో. లెక్కల ప్రకారం మొదటిదే సరిపోతుంది. టైమ్ కుదరక “అంట”ను వదిలేసిన సబ్‌టైటిళ్లు అందుకే అంత తరచుగా కనిపిస్తాయి. కానీ అది వదిలేస్తే ఆమె కళ్లారా చూసినట్టవుతుంది. ఆమె చూడలేదు, విన్నది. కథా సినిమాలో ఈ తేడాతో పెద్దగా నష్టం ఉండకపోవచ్చు. డాక్యుమెంటరీలో ఆమె మాట సాక్ష్యం. రేపు ఎవరైనా ఆ సంఘటన గురించి రాస్తూ ఆ సబ్‌టైటిల్‌నే ఆధారంగా చూపించవచ్చు. వినికిడి మాటను చూసిన మాటగా మార్చే హక్కు సబ్‌టైటిల్ రాసేవాళ్లకు లేదు.

మరి ఆ అర సెకను ఎక్కడినుంచి తేవాలి? ముందు ఆమె తర్వాత ఆగిందేమో చూడాలి. ఆగి ఉంటే సబ్‌టైటిల్‌ను మాట అయిపోయాక ఇంకో అర సెకను ఉంచవచ్చు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఆగకుండా మాట్లాడుతూ పోతే పక్క వాక్యంలో అనవసరమైనదేదైనా తగ్గించి అక్కడినుంచి సమయం తీసుకోవాలి. ఒకవేళ వెంటనే “పొద్దున చూసినోళ్లు చెప్పిండ్రు” అని ఆమే అంటే, వినికిడి సంగతి ఆ వాక్యంలోనే వస్తోంది కాబట్టి ఇక్కడ వదలవచ్చు. “ఏమో”, “అనుకుంటా” లాంటి అనుమానపు మాటలకూ ఇదే వర్తిస్తుంది. “మరి”నీ “అంట”నూ ఒకే గాట కట్టి, రెండూ చిన్న మాటలే కదా అని తీసేయడం ఈ పనిలో జరిగే అతి పెద్ద పొరపాటు.

ఇలాంటిదే ఇంకొకటి, కర్త లేని వాక్యం. “పొద్దున వచ్చింది” అని ఆమె అంటే వచ్చింది కూతురా, ఆవా, వరదా? తెలుగు క్రియ ఆ మూడింటికీ ఒకటే. ఇంగ్లీష్ మాత్రం ఏదో ఒకటి తేల్చమంటుంది. ముందువెనుకల మాటలను బట్టి తెలియకపోతే ఊహించి రాయకూడదు, ఇంటర్వ్యూ తీసినవాళ్లను అడగాలి. తీసేయబడిన ఇంటర్వ్యూ భాగాల్లో జవాబు ఉండవచ్చు, అవి వాళ్ల దగ్గరే ఉంటాయి.

తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీష్ మాటలు ఇంకో రకంగా ఇబ్బంది పెడతాయి. “చాలా టెన్షన్ అయింది” అని ఎవరైనా అన్నప్పుడు ప్రేక్షకుడికి ఆ ఒక్క మాట స్పష్టంగా వినిపిస్తుంది, కళ్లు దానికోసం సబ్‌టైటిల్‌లో వెతుకుతాయి. కానీ మన టెన్షన్ అంటే భయం, ఆందోళన. ఇంగ్లీష్‌లో ఆ మాటను అలాగే పెడితే వాక్యం వంకరగా ఉంటుంది. వీలైతే టెన్స్ లాంటి దగ్గరి మాట పెట్టి చెవికీ కంటికీ రాజీ కుదర్చవచ్చు. ఆ రాజీ అర్థాన్ని చెడగొడుతుంటే అర్థంవైపే నిలబడాలి.

సబ్‌టైటిల్ ఎడిట్ లాంటి సాఫ్ట్‌వేర్ వేగం దాటిన చోట్లను ఎర్రగా చూపిస్తుంది. లైన్ పొడవునూ పట్టుకుంటుంది. ముందుగా బయటపడిన మాటను, పోయిన “అంట”ను, చెడిపోయిన నిశ్శబ్దాన్ని మాత్రం పట్టుకోదు. వాటికి రెండు పరీక్షలు కావాలి. తెలుగు అస్సలు రాని ఒకరిని కూర్చోబెట్టి సినిమా ఆపకుండా చూపించి, తెరను కాకుండా వాళ్ల ముఖాన్ని గమనించాలి. నవ్వో, బాధో మాట్లాడే మనిషి కన్నా ముందే వాళ్ల ముఖంలో కనిపిస్తే అక్కడ సబ్‌టైటిల్ తొందరపడిందని అర్థం. పెదవులు కదుపుతూ చదువుతుంటే అక్కడ అక్షరాలు ఎక్కువయ్యాయి. అయిపోయాక, ఆయన ఎలా పోయాడో ఆమె చూసిందా అని అడగాలి. “చూసింది” అని జవాబు వస్తే “అంట” ఎక్కడో జారిపోయినట్టే.

రెండో పరీక్షకు ఆ పెద్దావిడ మాట్లాడే యాసే తెలిసిన మనిషి కావాలి. అతను ఒక్కో సబ్‌టైటిల్ చదివి, ఆమె మాట విని, ఆమె ఇలా అనలేదు అన్న చోటల్లా ఆపాలి. ఇది నెమ్మదైన పని. పది నిమిషాల ఇంటర్వ్యూకి సగం పూట పట్టినా ఆశ్చర్యం లేదు. “విడుద్దామని” అంటే వదిలేయడమా, కట్లు విప్పడమా, తోలుకెళ్లడమా అన్న ఒక్క మాట మీదే కాసేపు మాట్లాడుకోవాల్సి వస్తుంది. పైన రాసిన రెండో సబ్‌టైటిల్‌లో కట్లు విప్పడమనే అర్థం తీసుకున్నాం. నీళ్లు వస్తున్న రాత్రి కట్టేసి ఉన్న గొడ్ల దగ్గరికి వెళ్లిన మనిషి ముందుగా చేసేది అదే కాబట్టి.